పాత టీవీకి బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్: సౌండ్ రాకపోతే, లేటుగా వస్తే

సౌండ్ అసలు రావట్లేదంటే ముందు ట్రాన్స్‌మిటర్ పక్కనున్న చిన్న స్విచ్ చూడండి. అది TX మీద ఉండాలి. RX మీద ఉంటే ఆ డబ్బా సౌండ్ పంపదు, తీసుకుంటుంది. కొన్నింట్లో స్విచ్ మార్చాక ఆపి మళ్లీ ఆన్ చేస్తే గానీ మోడ్ మారదు. కడపలో నా దగ్గరికి "ఇది పాడైంది" అని తెచ్చినవాటిలో సగం ఇదే. తర్వాత, టీవీ వెనక ఎర్ర, తెల్ల జాక్‌ల మీద ఏముందో చదవండి. AUDIO IN అయితే అది డీవీడీ ప్లేయర్ కోసం, మనకు కావాల్సింది AUDIO OUT. అది లేకపోతే హెడ్‌ఫోన్ జాక్ వాడుకోండి. ఆప్టికల్ వైరు పెట్టినవాళ్లు టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో ఔట్‌పుట్‌ను PCM చేయాలి, డాల్బీ మీద ఉంచితే చాలా ట్రాన్స్‌మిటర్లు మౌనంగా ఉండిపోతాయి.

ఇక లేటు సంగతి. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే.

ప్రొద్దుటూరు నుంచి ఒకాయన వచ్చాడు. "అన్నా, వార్తలు చదివే ఆమె నోరు మూసినాక మాట వినపడతాంది." ట్రాన్స్‌మిటర్ డబ్బా మీద ఆప్టెక్స్ లో లేటెన్సీ అని ఉంది, అంటే ఆలస్యం తక్కువని. ఆయన హెడ్‌ఫోన్‌లో మాత్రం అది లేదు. ఒకవైపు ఉంటే సరిపోదు. సౌండ్‌ను కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు, రెండింటికీ తెలిసిన కోడెక్‌లోనే అవి మాట్లాడుకుంటాయి, ఏదీ కలవకపోతే అందరికీ వచ్చిన ఎస్‌బీసీకి దిగిపోతాయి. ఆ దిగడాన్ని ఎవరూ మనకు చెప్పరు. లో లేటెన్సీలో ఆలస్యం దాదాపు 40 మిల్లీసెకన్లు, కంటికి తెలియదు. ఎస్‌బీసీలో మామూలుగా 150 నుంచి 250 దాకా పోతుంది, పెదాలు ముందే కదులుతాయి. ఆప్టెక్స్ అని రాసి ఉంటే చాలనుకోకండి, ఆప్టెక్స్ హెచ్‌డీ క్వాలిటీ కోసం, వేగం కోసం కాదు.

ఆయన టీవీలో ఆడియో డిలే పెంచి చూశాడట, ఇంకా ఎక్కువైంది. అవుతుంది మరి, అది సౌండ్‌ను వెనక్కి నెడుతుందే తప్ప ముందుకు తేలేదు.

లో లేటెన్సీ ఉన్న హెడ్‌ఫోన్ కొనిపించాను. వారానికి మళ్లీ ఫోన్, అదే లేటు. నేను కేబుల్ మార్చాను, రీసెట్ చేశాను, ఏమీ లేదు. చివరికి చూస్తే వాళ్లావిడ పాత హెడ్‌ఫోన్ కూడా అదే ట్రాన్స్‌మిటర్‌కు కనెక్టై ఉంది. చాలా మోడళ్లలో రెండోది తగలగానే రెండూ ఎస్‌బీసీకి వచ్చేస్తాయి. పాతదాన్ని ఆపి, ట్రాన్స్‌మిటర్‌లో పెయిరింగ్ మొత్తం చెరిపి, కొత్తదాన్ని ఒక్కదాన్నే కలిపితే సరిపోయింది. కోడెక్ లైటు ఉన్న మోడల్ అయితే కనెక్టయ్యాక లో లేటెన్సీ లైటు వెలిగిందో లేదో చూస్తే చాలు, నాలా రెండు గంటలు పోగొట్టుకోనక్కర్లేదు.

సౌండ్ తెగితెగి వస్తుంటే అది వేరే జబ్బు, రౌటర్‌కు దూరం జరపండి. టీవీ యూఎస్‌బీ పవర్ చాలక ట్రాన్స్‌మిటర్ ఆగిపోవడం అరుదు, ఫోన్ చార్జర్‌కు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.