ఫైనలియర్‌లో మొదటి ఫ్రీలాన్స్ పని ఎలా ఒప్పుకోవాలి?

ముందుగా మీ కాలేజీ అకడమిక్ క్యాలెండర్ తెరవండి. మిడ్ పరీక్షలు, ప్రాజెక్టు రివ్యూలు, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు ఉన్న వారాలు కొట్టేయండి. మిగిలిన వారాల్లో వారానికి ఎనిమిది గంటలు నిజంగా దొరుకుతాయా చూసుకోండి. దొరకవంటే ఈ సెమిస్టర్‌లో పని ఒప్పుకోకండి.

దొరుకుతాయనుకుందాం. మీ ఊళ్లో ఒక పళ్ల డాక్టరుగారు క్లినిక్‌కి ఐదు పేజీల వెబ్‌సైట్ అడిగారు. "ఎంత తీసుకుంటావు బాబూ?" అనగానే నోటికొచ్చిన అంకె చెప్పేయొద్దు. "రేపు చెప్తానండి" అని ఇంటికొచ్చి లెక్క వేయండి. పేజీకి నాలుగు గంటల చొప్పున ఇరవై, మార్పులకు ఆరు, ఫోన్లకు, కలవడానికి నాలుగు, మొత్తం 30 గంటలు. గంటకు 300 రూపాయలనుకుంటే 9,000. వారానికి ఎనిమిది గంటలంటే దాదాపు నాలుగు వారాలు పడుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఆ మార్పుల గంటల్నే.

మర్నాడు ఇదంతా ఒక్క వాట్సాప్ మెసేజ్‌గా పంపండి. ఏయే పేజీలు, ఎన్నిసార్లు మార్పులు (రెండుసార్లు చాలు), మొత్తం ఎంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అన్నీ అందులో ఉండాలి. 3,000 అడ్వాన్సు, డిజైన్ నచ్చాక 3,000, సైట్ అప్పగించే ముందు 3,000. "సరే" అని జవాబొచ్చి, అడ్వాన్సు పడ్డాకే మొదలుపెట్టండి. అడ్వాన్సు దగ్గరే నానబెట్టేవారు చివరి వాయిదా దగ్గర ఇంకా ఎక్కువ తిప్పుతారు.

ఇంకో వాక్యం తప్పక రాయండి: "ఫొటోలు, రాతలు నాకు అందిన రోజు నుంచి నాలుగు వారాలు." ఇలాంటి పనులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. డాక్టరుగారికి తీరిక దొరకదు, ఫొటోలు రావు, చివరికి అవి సరిగ్గా మీ పరీక్షల ముందురోజు వస్తాయి. ఆ వాక్యం ఉంటే గడువు దానంతటదే జరుగుతుంది, మీరు గొడవపడక్కర్లేదు. "చిన్న మార్పే కదా" అంటూ మూడోసారి ఫోన్ వస్తే, "చేస్తానండి, రెండు గంటల పని, 600 అవుతుంది" అని మర్యాదగా చెప్పండి.

డొమైన్ మాత్రం మీ పేరు మీద కొనకండి. డాక్టరుగారి మెయిల్‌తో, వారి డబ్బుతోనే కొనిపించండి. మీ మెయిల్‌తో కొంటే ఏడాది తర్వాత రెన్యువల్ నోటీసు మీకొస్తుంది. అప్పటికి మీరు ఉద్యోగంలో చేరి, ఆ మెయిల్ చూడటం మానేసి ఉంటారు, క్లినిక్ సైట్ ఆగిపోతుంది.

కంపెనీలకు పని చేస్తే వాళ్లు టీడీఎస్, అంటే ఆదాయపన్ను కింద కొంత ముందే కోసుకుని మిగతాది ఇవ్వొచ్చు. ఆ డబ్బు పోయినట్టు కాదు, మీ పాన్ మీద జమవుతుంది. మీ ఆదాయం పన్ను కట్టేంత లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే కోత బాగా పెరుగుతుంది కాబట్టి అది ముందే తీసి పెట్టుకోండి.

చివరి వాయిదా అందాక పాస్‌వర్డులన్నీ డాక్టరుగారికి అప్పగించి, వెంటనే మార్చుకోమని చెప్పండి. ఆ సైట్‌ను మీ పనికి నమూనాగా చూపించుకోవచ్చా అని అడిగి, ఆ అనుమతి కూడా మెసేజ్‌లోనే తీసుకోండి.