చలికాలం దగ్గు, రొయ్యల వాపు: బీపీ మాత్ర పేరు ముందే చూసుకోండి

కార్తీకం వచ్చేసరికి విశాఖలో దగ్గు సిరప్‌ల బేరం పెరుగుతుంది. తెల్లవారుజామున చలి, హార్బరు వైపు నుంచి వచ్చే దుమ్ము, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జలుబు. దగ్గుకి కారణం వెతుక్కోనక్కర్లేదు. చిక్కు కూడా అదే. బీపీ మాత్ర వల్ల వచ్చే దగ్గు ఒకటుంది, ఈ నెలల్లో అది మొదలైతే ఎవరికీ అనుమానం రాదు. గాజువాకలో మందుల కౌంటరు వెనక నిలబడే నాలాంటి వాడికి కూడా అడిగి చూస్తే తప్ప తెలియదు.

అందుకని చలి ముదరకముందే మీ మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి, బ్రాండు పేరు దగ్గర చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అని చివర 'ప్రిల్' వస్తే అది ఏసీఈ ఇన్హిబిటర్. టెల్మిసార్టన్, లోసార్టన్, ఒల్మిసార్టన్ అని 'సార్టన్' వస్తే అది రిసెప్టర్ బ్లాకర్. కాంబినేషన్ మాత్రలో రెండు మూడు పేర్లుంటాయి, అన్నీ చదవాలి.

రెండు రకాలూ పనిచేసేది ఒకే వ్యవస్థ మీద. బీపీ పడిపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా కిడ్నీలు రెనిన్ అనే ఎంజైముని వదులుతాయి. లివర్ తయారుచేసిన ఒక ప్రోటీన్ని అది కోస్తే యాంజియోటెన్సిన్-1 వస్తుంది. దానికదిగా అది పెద్దగా చేసేదేమీ లేదు. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఏసీఈ అనే ఇంకో ఎంజైము దాన్ని మరికాస్త కత్తిరించి యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. అసలు పెత్తనం దీనిదే. రక్తనాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరోన్ విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టెరోన్ ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టి, పొటాషియంని మూత్రంలోకి పంపుతుంది. బీపీ పెరుగుతుంది.

యాంజియోటెన్సిన్-2ని తాళంచెవి అనుకుంటే, ప్రిల్ మందు ఆ చెవి తయారవకుండా చూస్తుంది. సార్టన్ మందు చెవిని తయారవనిస్తుంది కానీ తాళం కన్నాన్ని మూసేస్తుంది. బీపీ వరకు రెండింటి ఫలితం దాదాపు ఒకటే. తేడా అంతా ఏసీఈ చేసే రెండో పనిలో ఉంది. బ్రాడీకినిన్ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేది కూడా ఈ ఎంజైమే. ప్రిల్ మందు దాని చేతులు కట్టేస్తే బ్రాడీకినిన్ పేరుకుంటుంది. గొంతులో, శ్వాసనాళాల్లో నరాలను అది రేపితే దగ్గు. సన్నని రక్తనాళాల నుంచి నీరు కణజాలంలోకి కారేలా చేస్తే వాపు. సార్టన్ ఏసీఈ జోలికి పోదు కాబట్టి ఈ రెండు బాధలూ దానితో చాలా అరుదు.

పోయిన చలికాలం మా షాపుకి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. యాభై దాటిన మనిషి, దసరా ముందు నుంచి రామిప్రిల్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. "బాబూ, ఏటో ఈ దగ్గు ఒగ్గట్లేదు, హార్బరు దుమ్మేనేమో" అంటూ మూడో సిరప్ అడిగారు. జ్వరం లేదు, కఫం లేదు. గొంతులో ఈక పెట్టినట్టు గిలి, రాత్రి పడుకుంటే ఎక్కువ. అంతకుముందే యాంటీబయాటిక్ ఒక కోర్సు అయిపోయింది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నేను సిరప్ ఇవ్వకుండా, ఆ రామిప్రిల్ స్ట్రిప్ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికే వెళ్లమన్నాను. ఆయన టెల్మిసార్టన్ 40కి మార్చారు. మర్నాడే తగ్గిపోలేదు. ఇక్కడే చాలామంది "మందు మార్చినా లాభం లేదు" అని నిరాశపడతారు. ఈ దగ్గు పోవడానికి మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా. ఆవిడకి సంక్రాంతి నాటికి పూర్తిగా పోయింది.

ప్రిల్ మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఈ దగ్గు రావాలనీ లేదు, నెలల తర్వాత కూడా మొదలవొచ్చు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. డోసు తగ్గిస్తే పోయే రకం కాదు. ఒక ప్రిల్ నుంచి ఇంకో ప్రిల్‌కి మార్చినా మళ్లీ వస్తుంది. 2008లో ఫలితాలు వచ్చిన ఆన్‌టార్గెట్ అనే పెద్ద అధ్యయనంలో దగ్గు వల్ల మందు మానేసినవాళ్లు రామిప్రిల్ వైపు 4.2 శాతం, టెల్మిసార్టన్ వైపు 1.1 శాతం. రెండూ కలిపి ఇస్తే ఇంకా మేలేమో అని కూడా ఆ అధ్యయనంలో చూశారు. అదనపు లాభం రాలేదు, కిడ్నీలకి ఇబ్బంది మాత్రం పెరిగింది. కాబట్టి ఇద్దరు డాక్టర్ల చీటీల్లో ఒకదాంట్లో ప్రిల్, ఒకదాంట్లో సార్టన్ ఉంటే రెండూ వేసుకోకుండా ముందు అడగండి.

అలాగని ప్రతి దగ్గునీ మాత్ర మీదికి నెట్టొద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పడుతుంటే, సాయంత్రం జ్వరం వస్తుంటే, బరువు తగ్గుతుంటే టీబీ పరీక్ష చేయించాలి. పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే గుండె చూపించాలి. దగ్గు ఒక్కటే అయితే మాత్ర మీ అంతట మీరు మానొద్దు, మార్చమని అడగండి.

వాపు విషయంలో మాత్రం లెక్క వేరు. కార్తీకమంతా నీచు ముట్టనివాళ్లు నెల అవగానే రొయ్యల కూర వండుకుంటారు. ఆ రాత్రి పెదవి ఉబ్బితే నింద రొయ్యల మీదే పడుతుంది. నిజంగా రొయ్యలు పడకపోతే సాధారణంగా ఒళ్లంతా దురద, దద్దుర్లు ఉంటాయి. ప్రిల్ వాపులో దురద ఉండదు, దద్దుర్లూ ఉండవు. పెదవులు, నాలుక, ముఖం, గొంతు గంటల్లో ఉబ్బుతాయి. ఒక్కోసారి పొట్టలోనే వాచి విపరీతమైన నొప్పి, వాంతులు వస్తాయి. ఇది వెయ్యి మందిలో కొద్దిమందికే వస్తుంది. సగం కేసులు మొదటి వారంలోనే కనిపిస్తాయి కానీ, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవాళ్లకీ రావొచ్చు. "ఐదేళ్లుగా వేసుకుంటున్నాను, ఇప్పుడెందుకొస్తుంది" అనే మాట ఇక్కడ చెల్లదు. షుగరుకి విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ కూడా వాడుతుంటే ముప్పు ఇంకాస్త ఎక్కువ, అది కూడా బ్రాడీకినిన్ లాంటి పదార్థాలను విరగనివ్వదు కనుక.

పెదవి కాస్త ఉబ్బినా తర్వాతి మాత్ర వేసుకోవద్దు. గొంతు మారినా, మింగుడు పడకపోయినా, నాలుక లావెక్కినా 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో ఉన్న ఎలర్జీ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవడమే ప్రమాదం. ఆ మాత్ర ఆపేది ఎలర్జీని రేపే హిస్టమిన్‌ని, ఇక్కడ ఉన్నది బ్రాడీకినిన్. ఆసుపత్రిలో ఎలర్జీ ఇంజెక్షన్లు ఎలాగూ ఇస్తారు, అవి వద్దనకండి. కానీ స్ట్రిప్ చూపించి "ఈ ప్రిల్ మాత్ర వేసుకుంటున్నారు" అని చెబితే, ఇంజెక్షన్లకి వాపు లొంగకపోయినప్పుడు గొంతుకి ట్యూబు వేయడానికి వాళ్లు ముందే సిద్ధపడతారు.

ఒకసారి ఈ వాపు వచ్చినవాళ్లు జన్మలో ఏ ప్రిల్ వాడకూడదు. సార్టన్‌తో కూడా చాలా అరుదుగా వాపు వస్తుంది కాబట్టి అది వాడాలా, ఎన్ని వారాలు ఆగి మొదలుపెట్టాలా అన్నది డాక్టరు తేలుస్తారు. గుండె బలహీనతకి ఇచ్చే సాకుబిట్రిల్-వల్సార్టన్ మాత్ర కూడా వీళ్లకి పనికిరాదు. వాపు రానివాళ్లయినా ప్రిల్ ఆపిన 36 గంటల తర్వాతే అది మొదలుపెట్టాలి. సార్టన్‌కి మారారని రక్తపరీక్షలు మానకండి. పొటాషియం పెరగడం, క్రియాటినిన్ మారడం రెండు రకాలకీ ఉమ్మడే, గర్భం నిలిచినప్పుడు రెండూ ఆపాల్సినవే.