కరెంట్ అకౌంట్‌లో 82.40 లక్షలు, రిటర్న్‌లో 60 లక్షలే: తేడా ఎక్కడ తేలిందంటే

నాది పెయింట్ల షాపు. సీసీ లిమిట్, అంటే షాపు మీద తీసుకునే బ్యాంకు అప్పు పరిమితి, రెన్యువల్‌కి వెళ్తే, ఏడాదిలో వేసిన జీఎస్టీ రిటర్న్‌లు GSTR-3B లలో అమ్మకాల మొత్తం 60 లక్షలుంటే ఖాతాలో 82.40 లక్షలు ఎలా జమయ్యాయని బ్యాంకు వాళ్లు అడిగారు. నెలనెలా పోల్చి చూశాను, ఇన్‌వాయిస్‌లు మళ్లీ కూడాను, రిటర్న్ సవరించాలేమోనని టెన్షన్ పడ్డాను, ఏదీ పనికిరాలేదు.

చివరికి స్టేట్‌మెంట్‌ని ఎక్సెల్‌లో పెట్టి, ప్రతి జమ పక్కన అది ఏమిటో రాశాను. ముందు అమ్మకం కానివి తీసేశాను: నా సేవింగ్స్ నుంచి వేసుకున్న 6 లక్షలు, బావగారి చేబదులు 4 లక్షలు, బౌన్స్ అయిన కస్టమర్ చెక్కులు 1.50 లక్షలు. ఈ చెక్కులే నన్ను తిప్పలు పెట్టాయి. జమలో కనిపిస్తాయి, రెండు రోజులకు ఖర్చు వైపు వెనక్కి పోతాయి. జమలే కూడితే దొరకవు. మిగిలింది 70.90 లక్షలు.

తర్వాత రెండో వైపు. రిటర్న్‌లో టర్నోవర్ పన్ను లేకుండా ఉంటుంది, కస్టమర్ మాత్రం పన్నుతో కలిపి ఇస్తాడు. 18 శాతం కలిపితే 70.80. పాత బాకీల వసూలు 5.20 కలిపి, ఈ ఏడాది అమ్మకాల్లో ఇంకా రావాల్సిన 4.10, బ్యాంకులో వేయకుండా షాపు ఖర్చులకు వాడిన నగదు 1 లక్ష తీసేస్తే 70.90. సరిపోయింది!

ఆ లెక్కకు లెడ్జర్ కాపీలు, బావగారి ఉత్తరం జతచేస్తే ఒప్పుకున్నారు. నా సరుకంతా ఒకే రేటు కాబట్టి సులువైంది. రేట్లు కలిసి ఉంటే పన్నును రేటువారీగా వేయాలి. కంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న వ్యాపారులు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయరు కాబట్టి వాళ్లకు ఈ పన్ను మెట్టే ఉండదు.