డాలర్లు మార్చేటప్పుడు బోర్డు మీద రెండు రేట్లూ చూడండి

ఫారెక్స్ కౌంటర్ దగ్గర బోర్డు మీద 'వియ్ బయ్', 'వియ్ సెల్' అని రెండు వరుసలు ఉంటాయి. ఆ 'వియ్' అంటే వాళ్లు, మనం కాదు. మనం డాలర్లు కొంటే వర్తించేది సెల్ రేటు, అంటే ఆస్క్. మిగిలిన డాలర్లు తిరిగి ఇచ్చేస్తే బయ్ రేటు, అంటే బిడ్. ఆస్క్ ఎప్పుడూ ఎక్కువే.

ఉదాహరణకి బయ్ 84, సెల్ 87 అనుకుందాం. వెయ్యి డాలర్లకి 87,000 కట్టారు. ప్రయాణం రద్దయింది, అదే రోజు తిరిగి ఇచ్చేశారు. చేతికి వచ్చేది 84,000. మార్కెట్ ఏమాత్రం కదలకపోయినా 3,000 పోయింది. అసలు మార్కెట్ రేటు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది కాబట్టి, ఒక్కవైపు మార్చినా దాదాపు సగం, అంటే 1,500 ఖర్చయినట్టే. 'జీరో కమిషన్' బోర్డు పెట్టేవాళ్ల సంపాదన ఇందులోనే ఉంటుంది. రసీదులో అది ఎక్కడా కనపడదు, జీఎస్టీ మాత్రం విడిగా కనిపిస్తుంది.

అందుకే కౌంటర్‌లో రెండు రేట్లూ అడగండి. గూగుల్‌లో కనిపించే రేటు సాధారణంగా ఈ రెంటికీ మధ్యలోది, ఆ రేటుకి కౌంటర్‌లో సాధారణంగా ఇవ్వరు. మీకు చెప్పిన రేటు దానికి ఎంత దూరంలో ఉందో చూసి, నాలుగు చోట్ల పోల్చుకోండి. ఎయిర్‌పోర్టులో ఈ తేడా మరీ ఎక్కువగా ఉంటుంది. థాయ్ బాత్ లాంటివాటికి డాలర్ కంటే తేడా ఎక్కువే, కాబట్టి మిగలకుండా సరిపడా మాత్రమే కొనండి.