పక్క రాష్ట్రం కారు కొంటే: పాతపట్నం బండికి పర్లాకిమిడి నంబరు

ఒడిశాలోని మన పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఎంత దూరమో మన వాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లి సంబంధాలకు, సంతకు, ఆస్పత్రికి రోజూ దాటే సరిహద్దే. అందుకే అక్కడ ఏపీ30 నంబరుతో ఒక కారు చవగ్గా కనబడితే ఊళ్లో కొన్నట్టే అనుకుంటాం. కాగితాల దగ్గర మాత్రం అది వేరే రాష్ట్రం. నిరుడు మా బావ 2016 మోడల్ పెట్రోలు కారు ఒకటి అలాగే కొన్నాడు. ఆ పని ఎలా నడిచిందో, ఎక్కడ తిరగబడిందో చెబుతాను.

ముందుగా అందరూ చెప్పే ఒక మాట సంగతి చూద్దాం. "ఏడాది దాకా పాత నంబరుతోనే తిప్పుకోవచ్చు" అంటారు. చట్టంలో పన్నెండు నెలల మాట ఉన్నది నిజమే. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అయితే ఆ గడువు నంబరుకే. పేరు మార్పుకు 50వ సెక్షన్‌లో వేరే గడువులున్నాయి. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ ఆర్టీవోకు తెలపాలి. బండి వేరే రాష్ట్రానికి పోతుంటే అమ్మినవాళ్లకు 45 రోజులు. ఏడాది ఉంది కదా అని కూర్చుంటే, ఆర్సీలో పేరు పాత యజమానిదే, తిప్పేది మనం. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి, సంతకాలకు వాళ్లే పరిగెత్తుకొస్తారు.

పనంతా ఎన్‌వోసీ చుట్టూ, అంటే బండి వేరే రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం చుట్టూ తిరుగుతుంది. బండి ఇప్పుడు ఏ ఆఫీసులో రిజిస్టరై ఉందో అక్కడే అది ఇస్తారు. ఏపీ30 అయితే శ్రీకాకుళం. 2019 తర్వాతి బండ్లకు ఆంధ్ర అంతటా ఏపీ39 సిరీస్ మొదలైంది కాబట్టి నంబరు చూసి జిల్లా చెప్పలేం, ఆర్సీ మీద ఆఫీసు పేరు చదవాలి. దరఖాస్తు ఫారం 28. దాన్ని పెట్టాల్సింది, సంతకం చేయాల్సింది ఆర్సీలో పేరున్న మనిషే, మనం కాదు. ఆ దరఖాస్తుకు ముందు మూడు అడ్డంకులు తీరాలి. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్ లెటరు, ఫారం 35 పెట్టి ఆర్సీలోంచి ఫైనాన్స్ ఎంట్రీ తీయించాలి. లోన్ తీరిపోయినా ఆ ఎంట్రీ తీయించని వాళ్లు చాలామంది. రెండోది చలాన్లు. కేంద్రం సైటు echallan.parivahan.gov.in ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఆంధ్ర పోలీసుల చలాన్లు ఇంకేమైనా మిగిలాయేమో కూడా కనుక్కోవాలి. మూడోది, బండి దొంగతనం కేసులో లేదన్న రిపోర్టు. నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ నడిపే Vahan Samanvay సైటులో అది వస్తుంది.

ఫారం 28కి చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి. సన్న కాగితం నంబరు మీద ఆనించి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండికి ఇక్కడే చిక్కు, తుప్పు పట్టి ఒకటి రెండు అక్షరాలు దిగవు. మా బావ కారుకు చివరి నుంచి నాలుగోది సున్నానో ఓ అక్షరమో తేలలేదు, ఆర్సీలో ఓ అని ఉంది. పదిహేడు అక్షరాల చాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడకూడదన్నది ప్రమాణం. కాబట్టి ఓ కనబడిందంటే దాదాపుగా టైపు చేసినవాళ్ల పొరపాటే. దాన్ని ఎన్‌వోసీకి ముందే పాత ఆఫీసులో దిద్దించుకోవాలి. ఇక్కడికి వచ్చాక తేలితే మళ్లీ అక్కడికే పంపుతారు. బేరానికి ముందే mParivahan యాప్‌లో నంబరు కొట్టి, ఆర్సీనీ బండినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఇక అసలు దెబ్బ. ఎన్‌వోసీలో "ఏ రాష్ట్రం, ఏ ఆర్టీవో" అని రాయాలి. అమ్మినాయన తరఫున ఫారం నింపిన ఏజెంటు గంజాం అని పెట్టేశాడు.

"పర్లాకిమిడి గంజాం జిల్లాయే కదండీ?" అన్నాడు అడిగితే.

గజపతి జిల్లా 1992లో విడిపోయింది. మా ముసలాళ్లు ఇప్పటికీ గంజాం అనే అంటారు, కానీ కంప్యూటరుకు ఆ చుట్టరికం తెలియదు. గంజాం ఓడీ07, మనది ఓడీ20. ఆ ఎన్‌వోసీతో పర్లాకిమిడిలో ఫైలు కదలదు. దాన్ని వెనక్కిచ్చి, రద్దు చేయించి, మళ్లీ కొత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది. అంటే అమ్మినాయన సంతకం కోసం మళ్లీ తిరగడమే. డబ్బంతా ముట్టాక ఆయన ఫోన్ ఎత్తడం ఎంత కష్టమో ఊహించుకోండి. అదృష్టం, బావ పాతిక వేలు ఆపి పెట్టుకున్నాడు. ఎన్‌వోసీ చేతికొచ్చి, దానిమీద మన ఆర్టీవో పేరు చదివాకే చివరి వాయిదా ఇవ్వండి. 30 రోజుల్లో ఆఫీసు ఏ జవాబూ ఇవ్వకపోతే ఎన్‌వోసీ ఇచ్చినట్టేనని చట్టంలో ఉంది, కానీ ఆన్‌లైన్‌లో ఎన్‌వోసీ కనబడకుండా ఇక్కడ పని జరగడం కష్టం. ఆ సెక్షన్‌ను నమ్ముకోవద్దు.

ఎన్‌వోసీ వచ్చాక మన వైపు పని సులువే. vahan.parivahan.gov.in లో దరఖాస్తు పెట్టి, కొత్త నంబరుకు ఫారం 27, పేరు మార్పుకు 29, 30 జత చేయాలి. 29 రెండు కాపీలు. ఒరిజినల్ ఆర్సీ, ఎన్‌వోసీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పాన్, ఒడిశా చిరునామా ఉన్న ఆధార్ ఇవ్వాలి. సరిహద్దు కుటుంబాల్లో ఆధార్ అత్తగారి ఊరి మీద ఉండిపోవడం మామూలే, అది ముందే మార్చుకోండి. తర్వాత బండిని తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకు చూపించాలి.

ఖర్చులో ఫీజులు చిన్నవి. కారుకు కొత్త నంబరుకు 600, పేరు మార్పుకు 300, కార్డుకు 200 రూపాయలు. పెద్దది ఒడిశా వన్‌టైమ్ టాక్సు. దాన్ని మనం కొన్న ధర మీద కాదు, కొత్తలో బండి ధర మీద, వయసుకు తగ్గించి లెక్క కడతారు. బావకు మిగతా ఫీజులన్నీ కలిపినా దాని దరిదాపుల్లోకి రాలేదు, ఐదంకెలు. కాబట్టి బేరానికి ముందే ఆర్సీ కాపీ, మొదటి కొనుగోలు బిల్లు పట్టుకెళ్లి ఆఫీసులో టాక్సు ఎంతో కనుక్కుని, ఆ అంకె ధరకు కలిపి చూడండి. చవక అనుకున్నది చాలాసార్లు ఇక్కడే సమానమైపోతుంది.

ఇన్సూరెన్సు 14 రోజుల్లో మన పేరుకు మార్పించాలి. థర్డ్ పార్టీ కవరు దానంతటదే మన వెంట వస్తుంది, మన బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ మాత్రం పేరు మారకపోతే తిరస్కరించవచ్చు. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిది, బండితో రాదు. ఆ తేడా మన దగ్గర వసూలు చేస్తారు. కొత్త నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు, ఇన్సూరెన్సులో నంబరు మార్పు, పాత ఫాస్టాగ్ మూసి కొత్తది.

ఇంకొకటి, బేరంలో పనికొచ్చేది. ఆంధ్రలో కట్టిన లైఫ్ టాక్సులో బండి వయసును బట్టి కొంత, బండి శాశ్వతంగా రాష్ట్రం దాటితే వెనక్కి వస్తుంది. అది ఆర్సీలో ఉన్న పాత యజమానికే వస్తుంది, దానికి మన కొత్త ఆర్సీ కాపీ అవసరమవుతుంది. ఆ డబ్బు ఎవరికన్నది బేరంలోనే కాగితం మీద రాసుకోండి. బావ రాసుకోలేదు, కాపీ మాత్రం మర్యాదగా పంపాడు.