మే నెలాఖరు కోతలు: స్టేట్‌మెంట్‌లో ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయి?

ఏటా మే చివరి వారంలో బ్యాంకు కౌంటర్ల దగ్గర వినిపించే మాట ఒకటుంది: "నాకు చెప్పకుండా 436 రూపాయలు కోసేశారు!" చాలాసార్లు అది ఖాతా తెరిచిన రోజునో, ఆ తర్వాతో మనం సంతకం పెట్టిన బీమా. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్షా బీమాకు 20 రూపాయలు. రెండింటికీ బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి డబ్బు మే ఆఖర్లోనే పోతుంది. స్టేట్‌మెంట్‌లో PMJJBY, PMSBY అని కనిపించేవి ఇవే. రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే రెండు చోట్లా కోత పడుతోందేమో ఇప్పుడే చూసుకోండి. రెండుసార్లు కట్టినా క్లెయిం ఒక్కటే వస్తుంది. ఎక్కువైన దాన్ని ఆపమని మే నెలాఖరు రాకముందే బ్రాంచిలో కాగితం ఇవ్వాలి.

మిగతా కోతల సంగతికొస్తే, స్టేట్‌మెంట్‌లోని ఒక్కో వరుసలో ముందుగా చూడాల్సింది పేరు కాదు, డబ్బు ఏ దారిన పోయిందన్నది. ఆ మాట సాధారణంగా మొదట్లోనే ఉంటుంది. UPI అంటే ఫోన్‌లోంచి, POS అంటే కార్డు గీకితే, ATM లేదా ATW అంటే ఏటీఎంలో తీస్తే, NWD అంటే వేరే బ్యాంకు ఏటీఎంలో తీస్తే. AEPS అని ఉంటే ఆధార్ మీద వేలిముద్ర వేసి తీసిన డబ్బు. మీరు వేలిముద్ర వేయకుండా ఈ మాట కనిపిస్తే ఇక ఆలోచించకుండా ఫిర్యాదు చేయాల్సిందే.

ఇప్పుడు ఒక యూపీఐ వరుస చూద్దాం. 180 రూపాయలు పోయాయి, పక్కన ఇలా ఉంది (అంకెలు ఉదాహరణకు రాసినవి):

```
UPI/DR/514512345678/SRI LAKS/YESB/paytmqr5x/UPI
```

DR అంటే పోయింది, CR అయితే వచ్చింది. తర్వాతి పన్నెండంకెలు ఆ లావాదేవీ నంబరు. ఫోన్‌లోని యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే అదే నంబరు కనిపిస్తుంది, కాబట్టి రెండూ పోల్చుకుంటే అనుమానం తీరిపోతుంది. ఇంకో సంగతి: చాలావరకు ఈ నంబరులో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5 అంటే 2025, 145వ రోజంటే మే 25. ఆ రోజు ఎక్కడున్నారో గుర్తు తెచ్చుకుంటే సగం పని అయినట్టే. SRI LAKS అన్నది కుదించిన పేరు. అది టిఫిన్ సెంటర్ పేరు కాకపోవచ్చు, ఓనరు భార్య పేరు కావచ్చు. బోర్డు మీది పేరు ఇక్కడ వెతికితే దొరకదు. YESB డబ్బు చేరిన బ్యాంకు, అంటే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లోని మొదటి నాలుగు అక్షరాలు. paytmqr అని ఉంది కాబట్టి కొట్టు గల్లాపెట్టె దగ్గర అతికించిన క్యూఆర్‌కి కట్టారన్నమాట. బ్యాంకును బట్టి ఈ ముక్కల వరుస మారుతుంది, గీతల బదులు హైఫన్లు ఉంటాయి, కానీ ముక్కలు దాదాపు ఇవే. చివర్లో MANDATE అన్న మాట కనిపిస్తే మాత్రం అది ఆటోపే. యాప్‌లోని ఆటోపే పేజీలో రద్దు చేసేదాకా మళ్లీ పోతూనే ఉంటుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా కంగారుపడేది ACH D లేదా NACH దగ్గర. మీరిచ్చిన అనుమతి మీద వాయిదాలు లాగే పద్ధతి ఇది. INDIAN CLEARING CORP అని చూసి ఎవడో మోసగాడనుకుంటారు, నిజానికి చాలావరకు అది మ్యూచువల్ ఫండ్ సిప్. ఫండ్ పేరు బదులు మధ్యలో డబ్బు తీసుకునే క్లియరింగ్ సంస్థ పేరు పడుతుంది. పోల్చుకోలేకపోతే ఆ అనుమతి తాలూకు మాండేట్ నంబరు, అంటే ఇరవై అక్షరాల యూఎంఆర్‌ఎన్, ఎవరిదో బ్యాంకును అడగండి.

పేరే లేకుండా చిల్లరతో పోయిన మొత్తాన్ని 1.18తో భాగించి చూడండి. 590 అయితే సరిగ్గా 500, 17.70 అయితే 15. ఇలా గుండ్రటి అంకె వస్తే అది బహుశా 18 శాతం జీఎస్‌టీ కలిపిన బ్యాంకు రుసుం. ACH RTN CHG లాంటి మాట పక్కనుంటే వాయిదా రోజు ఖాతాలో డబ్బు లేక తిరిగిపోయిందని అర్థం. ఈ రుసుం కొన్నాళ్ల తర్వాత కూడా పడొచ్చు, అందుకే పాత తేదీలు కూడా వెనక్కి తిప్పి చూడాలి.

ఇన్ని చూసినా తేలకపోతే ఆ వరుస మొత్తం, పన్నెండంకెల నంబరుతో సహా, ఉన్నదున్నట్టు రాసుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. ఫోన్ నంబరు కార్డు వెనకాల ఉన్నదే వాడండి, గూగుల్‌లో వెతికిన "కస్టమర్ కేర్" నంబరు కాదు. మోసమని అనిపిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయండి. మూడో వ్యక్తి చేసిన మోసాన్ని, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే ఆ రక్షణ వర్తించదు. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టేయకండి.