విదేశంలో మొదటి కొనుగోలు తర్వాత కార్డు ఆగిపోతే ఏం చేయాలి?

పోయిన వేసవిలో మా బావగారు సింగపూర్ వెళ్లారు. చాంగీ ఎయిర్‌పోర్టులో కాఫీకి క్రెడిట్ కార్డుతో 8 సింగపూర్ డాలర్లు కట్టారు, క్షణంలో అయిపోయింది. గంటన్నర తర్వాత హోటల్లో 420 డాలర్ల డిపాజిట్ కట్టబోతే డిక్లైన్. యాప్ తెరిచి చూశారు, ఇంటర్నేషనల్ వాడకం ఆన్‌లోనే ఉంది. దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశారు, ఇంకో రెండుసార్లు గీశారు. కార్డు కదల్లేదు.

కారణం ఏమిటంటే, కార్డుకు రెండు వేర్వేరు తాళాలుంటాయి. ఒకటి మన చేతిలో ఉండే స్విచ్. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా ఇచ్చే కార్డు మొదట్లో ఇండియాలోని ఏటీఎంలలో, షాపు మెషీన్లలోనే పనిచేస్తుంది. విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. రెండోది బ్యాంకు మోసాల నిఘా విభాగం వేసే తాళం. దొంగలు కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి ముందు చిన్న మొత్తం గీసి, ఆ వెంటనే పెద్దది లాగుతారు. కొత్త దేశంలో కాఫీ, ఆ తర్వాత 28 వేల రూపాయల డిపాజిట్ అచ్చం అలాగే కనిపించాయి. ఈ తాళాన్ని మన స్విచ్ తీయలేదు.

ముందు ఏ తాళమో తేల్చుకోండి. మొదటి కొనుగోలే ఆగిపోతే ముందు స్విచ్‌నే అనుమానించాలి. మొదటిది జరిగి రెండోది ఆగితే యాప్‌లో రెండు విషయాలు చూడండి. షాపు, ఆన్‌లైన్, ఏటీఎం, ట్యాప్ చేసి కట్టడం, వీటికి వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి. షాపులో పనిచేసిన కార్డు ఏటీఎంలో ఆగితే అది నిఘా కాకపోవచ్చు, ఏటీఎం స్విచ్ ఆఫ్‌లో ఉండొచ్చు. రెండోది పరిమితి: విదేశీ వాడకానికి 20 వేలే పెట్టుకుంటే 28 వేలు పోవు. బావగారి పరిమితి లక్ష, షాపు స్విచ్ ఆన్. అంటే మిగిలింది బ్యాంకు తాళమే.

మళ్లీ మళ్లీ గీయకండి. ప్రతి ప్రయత్నం అనుమానాన్ని పెంచుతుంది. టెన్షన్‌లో పిన్ తప్పు కొడితే ఇంకో తాళం పడుతుంది. యాప్‌లో కనిపించే ‘బ్లాక్’ కూడా నొక్కకండి. చాలా బ్యాంకుల్లో అది శాశ్వతం, ఆ కార్డు ఇక పనికిరాదు, కొత్తది ఇండియాలోని ఇంటికి వస్తుంది.

బ్యాంకు మెసేజ్ వెతకండి. ఆపిన వెంటనే ‘ఈ లావాదేవీ మీరే చేశారా?’ అని బ్యాంకు సాధారణంగా ఎస్సెమ్మెస్ పంపుతుంది, లేదా ఫోన్ చేస్తుంది. బావగారు ఇండియా సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోలేదు, అందుకే మెసేజ్ చేరలేదు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది. మెసేజ్ వస్తే అందులో చెప్పినట్టే జవాబివ్వండి. లింకు నొక్కమన్నా, ఓటీపీ, సీవీవీ, పిన్ అడిగినా అది మోసమే.

కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేయండి. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. +91తో మొదలయ్యే నంబరుకే చేయాలి. బావగారు హోటల్ వైఫైతో యాప్‌లో ఆ నంబరు వెతికి, కూతురి సింగపూర్ ఫోన్ నుంచి చేశారు. ‘ఫ్రాడ్ అలర్ట్ వల్ల ఆగింది, రెండు లావాదేవీలూ నావే’ అని సూటిగా చెప్పారు. బ్యాంకువాళ్లు పుట్టిన తేదీ లాంటి వివరాలు సరిచూసుకుని తాళం తీశారు. ఫోన్ పెట్టేసేముందు బావగారు ఒక మంచి మాట అడిగారు: ‘ఫలానా తేదీ దాకా ఇక్కడే ఉంటాను, రాసుకుంటారా?’ పావుగంట ఆగి గీస్తే డిపాజిట్ అయిపోయింది.

ఫోన్‌లో బ్యాంకువాళ్లు చదివిన లావాదేవీల్లో ఒక్కటి మీది కాకపోయినా వెంటనే చెప్పి, కార్డు శాశ్వతంగా ఆపించండి. మీ తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలిపితే భారం మీమీద పడకూడదని 2017 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం.

మీ ప్రయాణం ఇంకా ముందుంటే ఈ పనులు ఇంట్లోనే చేసుకోండి. యాప్‌లో కార్డుల విభాగం తెరిచి, విదేశీ వాడకంలో కావలసిన స్విచ్‌లు ఆన్ చేసి, హోటల్ డిపాజిట్‌కు కూడా సరిపోయేలా పరిమితి పెట్టండి. సిమ్‌కు రోమింగ్ పెట్టించండి, +91 నంబరు కాగితం మీద రాసుకోండి. సిమ్ తీసేసినా, యాప్ తొలగించినా మళ్లీ నమోదుకు ఆ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాల్సి రావచ్చు, కాబట్టి రెండూ కదపకండి. వేరే బ్యాంకు కార్డు ఇంకొకటి వెంట ఉంచుకోండి.

తిరిగి వచ్చిన రోజే విదేశీ ఆన్‌లైన్ స్విచ్ ఆఫ్ చేయండి. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు.